గ్రహాల వరుసకు గుర్తు పద్యం

సూర్యుడికి దగ్గరగా ఉన్న గ్రహం నుంచి దూరంగా ఉన్న గ్రహం దాకా ఎనిమిది పేర్లనూ వరుస తప్పకుండా అప్పజెప్పడానికి కట్టుకునే చిన్న పద్యమే గ్రహాల గుర్తు పద్యం. ఆ వరుస ఇది: బుధుడు, శుక్రుడు, భూమి, కుజుడు, గురుడు, శని, యురేనస్, నెప్ట్యూన్. పేర్లు ఎనిమిదే, అందులో ఆరు మన ఇళ్లలో రోజూ వినేవే. అయినా పరీక్ష హాల్లో తడబాటు వచ్చేది ఆ తెలిసిన పేర్ల దగ్గరే. చాలామంది యురేనస్, నెప్ట్యూన్‌లను చివర సరిగ్గానే పెడతారు. బుధుడు, కుజుడు, గురుడు, శుక్రుడి దగ్గరే తప్పుతారు. అలా ఎందుకు జరుగుతుందో తెలిస్తే, పద్యం ఎలా ఉండాలో కూడా తెలుస్తుంది.

వారాలు పెట్టే చిక్కు

తెలుగు పిల్లలకు గ్రహాల పేర్లు సైన్సు పుస్తకం కన్నా ముందు క్యాలెండరులో పరిచయమవుతాయి. ఆది, సోమ, మంగళ, బుధ, గురు, శుక్ర, శని అనే వరుస నోటికి పట్టేసి ఉంటుంది. నవగ్రహ స్తోత్రాలు కూడా ఈ వారాల వరుసలోనే నడిచి, చివర రాహుకేతువులతో ముగుస్తాయి. ఇందులోంచి సూర్యచంద్రులను తీసేస్తే మిగిలేది కుజుడు, బుధుడు, గురుడు, శుక్రుడు, శని. దూరాల వరుసలో ఈ అయిదుగురు బుధుడు, శుక్రుడు, కుజుడు, గురుడు, శని అని వస్తారు. రెండింటిలోనూ తన చోటు తప్పనిది శని ఒక్కటే.

కాబట్టి జవాబు రాశాక ఒక్క చూపుతో పట్టుకోవలసిన గుర్తు ఒకటుంది. బుధుడి పక్కనే గురుడు కనిపించినా, శుక్రుడి పక్కనే శని కనిపించినా, మీరు గ్రహాల వరుస రాయలేదు, వారాలు రాశారు. వెంటనే కొట్టేసి మళ్లీ రాయాలి.

అసలు వారాల వరుస ఇలా ఎందుకుందో ఆర్యభటుడు చెప్పాడు. క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలోని కాలక్రియాపాదంలో ఆయన నక్షత్రాల కింద గ్రహ కక్ష్యలు పైనుంచి కిందికి ఈ క్రమంలో ఉన్నాయన్నాడు: శని, గురుడు, కుజుడు, సూర్యుడు, శుక్రుడు, బుధుడు, చంద్రుడు. వీటన్నిటి కిందా భూమి. ఆకాశంలో నెమ్మదిగా కదిలేది దూరంగా, చురుగ్గా కదిలేది దగ్గరగా ఉంటుందన్న లెక్క ఇది. ఈ జాబితాలో నాలుగో వాడు నాలుగో వాడు చొప్పున రోజులకు అధిపతులవుతారు. శని నుంచి మొదలుపెట్టి, శనిని కూడా కలుపుకుని నాలుగు లెక్కపెడితే సూర్యుడు. సూర్యుడి నుంచి నాలుగైతే చంద్రుడు. చంద్రుడి దగ్గర జాబితా అయిపోతుంది కనుక మళ్లీ పైకి వెళ్లి శని, గురుడు, కుజుడు అని లెక్కించాలి, అంటే మంగళవారం. శని, ఆది, సోమ, మంగళ అన్నమాట. మిగతా మూడు వారాలూ ఇలాగే వస్తాయి, కాగితం మీద వేసి చూసుకోవచ్చు.

విద్యార్థికి ఇందులో గొప్ప సౌకర్యం ఒకటుంది. ఆర్యభటుడి పాత జాబితాను కిందినుంచి పైకి చదవండి. చంద్రుడిని వదిలేయండి, అది మన ఉపగ్రహం. సూర్యుడు ఉన్నచోట భూమిని పెట్టండి. అప్పుడు బుధుడు, శుక్రుడు, భూమి, కుజుడు, గురుడు, శని అని మొదటి ఆరు గ్రహాల వరుస అచ్చంగా వస్తుంది. ఇది కాకతాళీయం కాదు. ఆకాశంలో సూర్యుడు ఏడాదికి ఒక చుట్టు తిరిగినట్టు కనిపించేది భూమి ఏడాదికి ఒక చుట్టు తిరగడం వల్లే. ఆ ఏడాది కాలం నిజానికి భూమిది కనుక ఆ చోటు కూడా భూమిదే. పాతవాళ్లు దూరాలు కొలవలేకపోయినా, వేగాలను బట్టి వేసిన వరుస నిలబడింది.

పద్యం

పొడి వాక్యం కన్నా పద్యం ఎందుకు మేలో చెప్పేముందు పద్యాన్నే చూద్దాం. ఈ వ్యాసం కోసం ఆటవెలదిలో కట్టినది ఇది:

బుధుడు మొదట, శుక్రభూములు, కుజుడును,
గురుడు, శనియు పిదప గొప్పవారు,
తగ యురేనసు మరి దవ్వున నెప్ట్యూను
భాను చుట్టు తిరుగు బాటసార్లు.

దవ్వున అంటే దూరాన. భాను అంటే సూర్యుడు. మిగతాదంతా తేలికే. ఆటవెలదిని ఎంచుకోవడానికి కారణం వేమన. ఆయన పద్యాలు ఎక్కువగా ఈ ఛందస్సులోనివే కావడం వల్ల ఆ నడక చిన్నప్పుడే చెవికి అలవాటై ఉంటుంది. కొత్త రాగం నేర్చుకోవలసిన పని లేదు, మాటలు నేర్చుకుంటే చాలు.

పాదాల విరుపును గమనించండి. మొదటి పాదంలో నాలుగు గ్రహాలు, రెండో పాదంలో రెండు, మూడో పాదంలో రెండు. ఈ విరుపు ఛందస్సు కోసం చేసినది కాదు. మొదటి పాదంలోని నాలుగూ గట్టి నేల ఉన్న రాతి గ్రహాలు, పాఠ్యపుస్తకాలు అంతర గ్రహాలు అనేవి. రెండో పాదంలోనివి ముఖ్యంగా హైడ్రోజన్, హీలియంలతో నిండిన పెద్ద వాయు గ్రహాలు. పరిమాణంలో మొదటి రెండు స్థానాలూ వీటివే కనుక గొప్పవారు అన్న మాట వాటికి తగినదే. మూడో పాదంలోని రెంటినీ మంచు గ్రహాలంటారు, వాటి లోపల నీరు, అమ్మోనియా, మీథేన్ పాలు ఎక్కువ. మొదటి పాదం ముగిసి రెండోది మొదలయ్యే చోట, అంటే కుజుడికీ గురుడికీ నడుమ, గ్రహశకలాల పట్టీ ఉంటుంది. అంతర గ్రహాలు ఏవి, బాహ్య గ్రహాలు ఏవి, గ్రహశకలాలు ఏ రెండు గ్రహాల మధ్య తిరుగుతాయి అనే మూడు ప్రశ్నలకూ జవాబు ఆ ఒక్క విరుపులో దొరుకుతుంది.

ఈ విరుపుకు మరో ఉపయోగం ఉంది. ఏ జాబితాలోనైనా మొదలూ చివరా బాగా గుర్తుండి, నడుమ ఉన్నవి జారిపోవడం మామూలు. ఎనిమిది పేర్ల జాబితాకు నడిమి చోటు సరిగ్గా కుజుడు, గురుడు. పద్యంలో కుజుడు ఒక పాదానికి చివర, గురుడు మరో పాదానికి మొదట పడ్డారు. నడుమ నలిగిపోవలసిన రెండు పేర్లూ ఇప్పుడు అంచుల మీదకు వచ్చాయి.

గణాలూ యతీ కాపలా కాసే తీరు

ఇప్పుడు అసలు పరీక్ష. ఎవరైనా కంగారులో రెండు పేర్లు తారుమారు చేస్తే పద్యం ఆ తప్పును పట్టిస్తుందా? పట్టించకపోతే అది పద్యమైనా ఒకటే, పొడి వాక్యమైనా ఒకటే.

ఛందస్సు పాఠం గుర్తుచేసుకుంటే, ఆటవెలదిలో ఒకటి, మూడు పాదాలకు మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు ఉంటాయి. రెండు, నాలుగు పాదాలకు అయిదూ సూర్యగణాలే. ప్రతి పాదంలోనూ నాలుగో గణం మొదటి అక్షరం పాదం మొదటి అక్షరంతో యతి కలవాలి. మొదటి పాదం ఇలా విడిపోతుంది: బుధుడు, మొదట, శుక్ర, భూములు, కుజుడును. న, న, హ అని మూడు సూర్యగణాలు, ఆపై భ, నల అని రెండు ఇంద్రగణాలు. యతి బు, భూ.

శుక్రుడినీ భూమినీ తారుమారు చేద్దాం. పాదం 'బుధుడు మొదట, భూమిశుక్రులు, కుజుడును' అవుతుంది. భూమి హగణమే, శుక్రులు భగణమే. గణాలు ఏమాత్రం చెడలేదు, చెవికి నడక కూడా బాగానే ఉంటుంది. కానీ నాలుగో గణం ఇప్పుడు శుతో మొదలైంది. బుకూ శుకూ యతి లేదు. తప్పు పట్టుబడింది.

రెండో పాదంలో గురుడినీ శనినీ మార్చితే 'శనియు, గురుడు పిదప గొప్పవారు' అవుతుంది. రెండూ మూడేసి లఘువులే కనుక గణాలు చెడవు. ఇక్కడా యతే ఆదుకుంటుంది. గుకూ గొకూ కుదిరిన యతి శకూ గొకూ కుదరదు. మూడో పాదంలో నెప్ట్యూన్‌ను ముందుకు తెస్తే యతి దాకా వెళ్లనక్కర లేదు. తగ అన్న మాట తర్వాత నె అనే గురువు వచ్చిపడి మొదటి సూర్యగణమే విరిగిపోతుంది, నోరు అక్కడే తట్టుకుంటుంది.

అన్నిటికన్నా ప్రమాదమైన మార్పు కుజుడికీ గురుడికీ మధ్య జరిగేది. మొదటి పాదం చివర గురుడును అన్నా నలగణమే. రెండో పాదం మొదట కుజుడు అన్నా నగణమే. పైగా క, గ ఒకే వర్గంవి కనుక కుకూ గొకూ యతి చెల్లుతుంది. గణం చెడదు, యతి చెడదు. ఛందస్సు పరంగా ఇది ఈ పద్యానికున్న బలహీనత, దీన్ని దాచడం మంచిది కాదు. ఇక్కడ కాపలా కాసేది అర్థం. కుజుడి వ్యాసం భూమి వ్యాసంలో సగానికి కాస్త ఎక్కువ, అంతే. అంత చిన్న గ్రహాన్ని శని పక్కన నిలబెట్టి గొప్పవారు అంటే అర్థం పొసగదు. అందుకే ఈ పద్యాన్ని అర్థం తెలియకుండా బట్టీ పట్టకూడదు. రెండో పాదం చెప్పేటప్పుడు అతి పెద్ద రెండు గ్రహాలు మనసులో మెదలాలి.

పేర్లు ఎక్కడ కలగాపులగం అవుతాయో కూడా ఇప్పుడు తేలింది. బుధుడు, కుజుడు, గురుడు మూడూ మూడు లఘువుల మాటలు, మూడూ 'ఉడు' అంతంగా ఉన్నవి. చెవికి మూడూ ఒకేలా ఉంటాయి కనుకే ఒకదాని చోట ఒకటి దూరిపోతుంటుంది.

మొదటి అక్షరాల పద్ధతి

పద్యం మొత్తం రాసుకునే తీరిక లేనివాళ్లు మొదటి అక్షరాలతో సరిపెట్టుకుంటారు: బు శు భూ కు గు శ యు నె. ఇంగ్లిష్ మీడియం పిల్లలు కూడా ఇదే పద్ధతిలో, ప్రతి మాట మొదటి అక్షరం ఒక గ్రహాన్ని సూచించే వాక్యం వల్లిస్తారు. దాంట్లో ఎం అక్షరంతో మొదలయ్యే గ్రహాలు రెండున్నాయి, మెర్క్యురీ, మార్స్. తెలుగులో ఆ చిక్కు శు, శ రూపంలో ఉంది. శుకు కొమ్ము ఉంటే శుక్రుడు, లేకపోతే శని. గబగబా రాసే చేతికి కొమ్ము జారిపోవడం సహజం. అందుకని అక్షరాలను ఒకే వరుసగా కాక, పద్యంలోలాగే నాలుగు, రెండు, రెండుగా విడదీసి రాసుకోవాలి. మొదటి గుంపులో ఉన్నది శుక్రుడు, రెండో గుంపులో ఉన్నది శని, కొమ్ము పోయినా నష్టం లేదు.

గురుడు ముందా, శని ముందా అన్న అనుమానానికి తెలుగువాళ్ల దగ్గర పద్యంతో పనిలేని జవాబు కూడా ఉంది. గురుడు ఒక్కో రాశిలో సుమారు ఏడాది ఉండి, పన్నెండేళ్లకు చుట్టు పూర్తి చేస్తాడు. పుష్కరాలు పన్నెండేళ్లకు ఒకసారి రావడం ఈ లెక్క మీదే. గోదావరి పుష్కరాలు 2003లో జరిగాయి, మళ్లీ 2015లో జరిగాయి. శని ఒక్కో రాశిలో సుమారు రెండున్నరేళ్లు ఉంటాడని, మూడు రాశులకు ఏడున్నరేళ్లు పడుతుందని ఏలినాటి శని మాట విన్నవారందరికీ తెలుసు. పన్నెండు రాశులకు ముప్ఫయ్యేళ్లు. ఖగోళ శాస్త్రం చెప్పే కచ్చితమైన లెక్క సుమారు 29 ఏళ్ల 6 నెలలు. సూర్యుడికి దూరం పెరిగేకొద్దీ చుట్టు తిరిగే కాలం పెరుగుతుంది కనుక పన్నెండేళ్ల గురుడు ముందు, ముప్ఫయ్యేళ్ల శని తర్వాత.

పరీక్షలో వాడే తీరు

ప్రశ్నపత్రం చేతికి రాగానే రఫ్ పేజీ మీద పద్యం మూడు పాదాల్లోని పేర్లను పాదానికొక వరుసగా రాసి, కింద 1 నుంచి 8 దాకా అంకెలు వేయండి. ప్రశ్న చదివాక గుర్తుచేసుకోవడం కన్నా ముందే కాగితం మీద పెట్టుకోవడం నయం. ప్రశ్నలోని నాలుగు ఆప్షన్లు కళ్లముందుకు వచ్చాక మనసు వాటి వరుసకు లొంగిపోతుంది.

ఒక ప్రశ్న చేసి చూద్దాం. సూర్యుడి నుంచి ఆరో గ్రహం ఏది, దానికి అటూ ఇటూ ఉన్న గ్రహాలేవి? మొదటి పాదంతో నాలుగు అయిపోయాయి. రెండో పాదం రెండింటితో ఆరు. కనుక ఆరోది రెండో పాదం చివరిది, శని. సూర్యుడి వైపు దాని పొరుగు అదే పాదంలోని గురుడు, అవతలి వైపు మూడో పాదం మొదటిదైన యురేనస్. వేళ్ల మీద మొదటినుంచి లెక్కించాల్సిన పని లేదు. నాలుగో గ్రహం అంటే మొదటి పాదం చివర, అయిదోది అంటే రెండో పాదం మొదలు, ఏడోది అంటే మూడో పాదం మొదలు. భూమి మూడోదని అందరికీ తెలుసు. అది కాక ఈ నాలుగు స్థానాలూ పట్టుబడితే మిగిలినవి వాటంతటవే తెలుస్తాయి.

దూరం తగ్గే క్రమంలో రాయమంటే పద్యాన్ని వెనకనుంచి చదవడానికి ప్రయత్నించకండి. పద్యం ముందుకే నడుస్తుంది. ముందుకే రాసి, అంకెలను 8 నుంచి 1కి చూస్తూ పేర్లు దించుకోండి.

అభ్యాసం కూడా రాతలోనే జరగాలి. పద్యాన్ని పదిసార్లు చదవడం కన్నా, పుస్తకం మూసి ఒకసారి పేర్లు రాసి సరిచూసుకోవడం ఎక్కువ పనిచేస్తుంది. రాత్రి ఒకసారి, పొద్దున లేచాక ఒకసారి అలా రాస్తే సరిపోతుంది.

జవాబులో పాఠ్యపుస్తకంలో ఉన్న పేరే రాయాలి. పద్యంలో కుజుడు ఉన్నా పుస్తకంలో అంగారకుడు అని ఉండవచ్చు. గురుడికి బృహస్పతి అని ఉండవచ్చు. యురేనస్, నెప్ట్యూన్‌లకు ఇంద్రుడు, వరుణుడు అనే పేర్లు కూడా కొన్ని పుస్తకాల్లో కనిపిస్తాయి. మీ పుస్తకం ఏది దేనికి వాడిందో ముందే చూసి పెట్టుకోండి.

పద్యం చెప్పనివి

ఈ వరుస దూరానికీ, చుట్టు తిరిగే కాలానికీ చెల్లుతుంది. బుధుడికి 88 రోజులు, నెప్ట్యూన్‌కు సుమారు 165 ఏళ్లు, నడుమ ఎక్కడా క్రమం తప్పదు. పరిమాణానికి మాత్రం చెల్లదు. పెద్ద నుంచి చిన్నకు అయితే గురుడు, శని, యురేనస్, నెప్ట్యూన్, భూమి, శుక్రుడు, కుజుడు, బుధుడు. వేడికి కూడా చెల్లదు. సూర్యుడికి అందరికన్నా దగ్గరది బుధుడే అయినా అన్నిటికన్నా వేడి గ్రహం శుక్రుడు. దట్టమైన కార్బన్ డయాక్సైడ్ వాతావరణం వేడిని బయటికి పోనివ్వదు కనుక దాని నేల మీద ఉష్ణోగ్రత 460 డిగ్రీల సెల్సియస్‌కు పైనే ఉంటుంది. వరుస తెలుసు కదా అన్న ధీమాతో బుధుడు అని గుర్తుపెట్టి మార్కు పోగొట్టుకునేవాళ్లు ఎందరో.

ప్లూటో సంగతి కూడా చెప్పాలి. 1930లో కనుగొన్నాక అది తొమ్మిదో గ్రహంగా లెక్కలోకి వచ్చి, గుర్తు పద్యాలకు, వాక్యాలకు తోకగా చేరింది. కానీ దాని కక్ష్య బాగా సాగినది. 1979 నుంచి 1999 దాకా అది నెప్ట్యూన్ కన్నా సూర్యుడికి దగ్గరగా నడిచింది. అంటే ఆ ఇరవై ఏళ్లూ తొమ్మిది పేర్ల వరుస చివర ఆకాశంలో తారుమారుగానే ఉంది. ఎనిమిది గ్రహాలకు ఆ ఇబ్బంది లేదు. వాటి దారులు ఒకదానినొకటి దాటవు కనుక ఏ రోజు చూసినా వాటి వరుస ఇదే.

2006 ఆగస్టు 24న ప్రాగ్‌లో అంతర్జాతీయ ఖగోళ సంఘం గ్రహానికి నిర్వచనం ఇచ్చి, ప్లూటోను మరుగుజ్జు గ్రహాల్లో చేర్చింది. అంతకుముందు అచ్చయిన గైడ్లు, పాత ప్రశ్నల సంకలనాలు మీ చేతిలో ఉంటే వాటిలో గ్రహాలు తొమ్మిది అని ఉంటుంది. పరీక్షలో ఎనిమిదే రాయండి, చివరిది నెప్ట్యూన్.